ఒకే పీహెచ్‌డీ, రెండు ఫైళ్లు: అకడమిక్ సీవీని, రీసెర్చ్ స్టేట్‌మెంట్‌ను అవతలివాళ్లు ఎలా చదువుతారు

నెల్లూరులోనో ఒంగోలులోనో పీహెచ్‌డీ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ఇద్దరు కలిస్తే ఈమధ్య మాటలన్నీ నిబంధనల చుట్టూనే తిరుగుతున్నాయి. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి అన్న షరతును యూజీసీ 2023 జులై నుంచి సడలించి, నెట్ లేదా సెట్ లేదా స్లెట్‌ను కనీస అర్హతగా ఉంచింది. 2025 జనవరిలో నియామక నిబంధనలన్నిటినీ మార్చే కొత్త ముసాయిదా బయటపెట్టింది. ఫిబ్రవరిలో యూజీసీ-కేర్ పత్రికల జాబితాను ఎత్తేసింది. దాంతో అందరిదీ ఒకటే ప్రశ్న: ఇప్పుడు సీవీలో ఏం రాయాలి?

ఈ గందరగోళంలో సగం నిబంధనల వల్ల వచ్చిందే. మిగతా సగం వేరేచోట ఉంది. లెక్చరర్ పోస్టుకు, పోస్ట్‌డాక్‌కు ఒకే కాగితాన్ని పంపడం మనకు అలవాటు. ఆ రెండు చోట్లా చదివేవాళ్లు వేరు, వాళ్లు వెతికేది వేరు. ఆ తేడా అర్థమైతే ఏ నిబంధన దేనికి వర్తిస్తుందో దానంతటదే తేలుతుంది.

బయోడేటా, సీవీ, స్టేట్‌మెంట్: దేని పని దానిది

మా వైపు చాలామంది సీవీ అని పంపేది నిజానికి బయోడేటా. తండ్రి పేరు, పుట్టినతేదీ, కులం, వివాహ స్థితి, ఫొటో, చివర 'పై వివరాలన్నీ నిజమని ప్రమాణపూర్వకంగా' అంటూ సంతకం. ఈ వివరాలు అక్కర్లేనివి కావు. విశ్వవిద్యాలయం ఇచ్చే దరఖాస్తు ప్రొఫార్మాలో రిజర్వేషన్ కోసం, వయోపరిమితి కోసం వీటిని అడుగుతారు, అక్కడ నింపాల్సిందే. సీవీలో మాత్రం వీటికి చోటు లేదు. బ్రిటన్‌కో అమెరికాకో పంపే సీవీలో వయసు, ఫొటో, పెళ్లి వివరాలు ఉంటే చదివేవాళ్లకే ఇబ్బంది. వివక్ష చూపారన్న మాట రాకుండా వాళ్లు వాటిని చూడకూడదనుకుంటారు.

అకడమిక్ సీవీ అంటే జరిగినదాని చిట్టా. చదువు, పరిశోధన, ప్రచురణలు, బోధన, గ్రాంట్లు, సదస్సులు, అన్నీ తేదీలతో. ప్రతి వాక్యం వెనకా చూపించగలిగిన కాగితమో లింకో ఉండాలి. కంపెనీ ఉద్యోగానికి పంపే రెజ్యూమెలా ఒక్క పేజీకి కుదించాల్సిన పని లేదు, నాలుగైదు పేజీలున్నా ఎవరూ ఏమీ అనుకోరు.

రీసెర్చ్ స్టేట్‌మెంట్ అంటే జరగబోయేదాని వాదన. ఇంతవరకు నేను తేల్చింది ఇది, తేలకుండా మిగిలింది ఇది, దాన్ని ఇలా పట్టుకుంటాను అని ఒకటి రెండు పేజీల్లో చెప్పే వ్యాసం. సీవీలో వాదన పెట్టినా, స్టేట్‌మెంట్‌లో చిట్టా రాసినా రెండూ చెడతాయి.

ఇంకో మాట. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల లెక్చరర్ పోస్టులకు ఏపీపీఎస్సీ రాతపరీక్ష పెడుతుంది, అక్కడ సీవీకి పని తక్కువ. ఈ వ్యాసంలో చెప్పేది విశ్వవిద్యాలయాల ప్రత్యక్ష నియామకాల గురించి, పోస్ట్‌డాక్‌ల గురించి.

ఒక అభ్యర్థిని ఊహించుకుందాం

అల్లూరు దగ్గర పల్లె నుంచి వచ్చిన అమ్మాయి అనుకుందాం. బీఎస్సీలో 74 శాతం, మైక్రోబయాలజీ ఎంఎస్సీలో 71 శాతం. ఏపీసెట్ పాసైంది. వనామీ రొయ్యల్లో ఎదుగుదలను దెబ్బతీసే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి మీద ఐదేళ్లు పనిచేసి పీహెచ్‌డీ తెచ్చుకుంది. ఆ తర్వాత రెండేళ్లుగా ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతోంది. సీవీలో నాలుగు పేపర్లు చూపించింది. రెండింటిలో తనే మొదటి రచయిత, ఒకదానిలో మూడో పేరు, నాలుగోదాని పక్కన 'కమ్యూనికేటెడ్' అని ఉంది. అనుభవం దగ్గర 'బోధన, పరిశోధన: 7 సంవత్సరాలు' అని రాసుకుంది. పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు ఎంఎస్సీ పిల్లలకు ప్రాక్టికల్స్ చేయించింది కాబట్టి ఆ ఐదేళ్లూ కలిపేసింది.

ఇదే ఫైలును ఆమె ఒక విశ్వవిద్యాలయ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పంపింది, విదేశంలో రొయ్యల వ్యాధుల ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌కూ పంపింది. ఎక్కడ ఏం జరుగుతుందో చూద్దాం.

మార్కుల పట్టిక ముందు

2018 యూజీసీ నిబంధనల్లో విశ్వవిద్యాలయ పోస్టులకు 3-ఎ అనీ, కళాశాలలకు 3-బి అనీ రెండు పట్టికలున్నాయి. ఇంటర్వ్యూకు ఎవరిని పిలవాలో తేల్చడానికే ఈ మార్కులు. ఎంపిక మాత్రం ఇంటర్వ్యూలో ప్రతిభను బట్టేనని నిబంధనల్లోనే ఉంది. ఈ సంగతి తెలియక 'నాకు 80 వచ్చాయి, 74 వచ్చినవాణ్ని తీసుకున్నారు' అని బాధపడేవాళ్లు చాలామంది. గుమ్మం దాకా తీసుకొచ్చిన మార్కులకు గుమ్మం లోపల విలువ లేదు.

3-ఎ ప్రకారం మన అభ్యర్థి లెక్క ఇదీ. డిగ్రీలో 60 నుంచి 80 లోపు శాతానికి 13 మార్కులు. పీజీలో అదే శ్రేణికి 23. పీహెచ్‌డీకి 30. సెట్‌కు 3. ఇక్కడికి 69. వీటిలో ఎవరూ తగవు పడేదేమీ లేదు, సర్టిఫికెట్లు మాట్లాడతాయి.

తేడాలన్నీ మిగతా రెండు గడుల్లో వస్తాయి. ఒక్కో ప్రచురణకు 2 మార్కులు, మొత్తం 10 దాటకూడదు. ఏడాది బోధన లేదా పోస్ట్‌డాక్ అనుభవానికి 2 మార్కులు, అక్కడా పరిమితి 10. ఆమె తన లెక్కలో నాలుగు పేపర్లకు 8, ఏడేళ్లకు 14 అవుతుంది కాబట్టి గరిష్ఠంగా 10 వేసుకుంది. మొత్తం 87 అనుకుని ధీమాగా ఉంది.

స్క్రూటినీ చేసేవాళ్ల లెక్క వేరు. 'కమ్యూనికేటెడ్' అంటే పంపాను అని మాత్రమే అర్థం, ప్రచురణ కాదు. కాబట్టి మూడు పేపర్లకు 6. పీహెచ్‌డీకి పట్టిన కాలాన్ని బోధన, పరిశోధన అనుభవంగా చూపుకోకూడదని 2018 నిబంధనలు స్పష్టంగానే చెప్పాయి. ఉద్యోగంలో ఉంటూ, సెలవు పెట్టకుండా, పాఠాలు చెబుతూనే పీహెచ్‌డీ చేసినవాళ్లకు మాత్రం ఆ సర్వీసును లెక్కిస్తారు. ఈమెది పూర్తికాలపు పీహెచ్‌డీ. ప్రాక్టికల్స్ చేయించడం ఉద్యోగం కిందికి రాదు. ఐదేళ్లూ పోయి రెండేళ్లు మిగిలాయి, వాటికి 4. మొత్తం 79.

కథ అక్కడితో అయిపోలేదు. తాత్కాలిక, కాంట్రాక్టు సర్వీసును లెక్కలోకి తీసుకోవాలంటే అదే నిబంధనల్లో షరతులున్నాయి. ఉద్యోగంలో చేరేనాటికి కనీస అర్హత ఉండాలి. సక్రమంగా ఏర్పాటైన ఎంపిక కమిటీ సిఫార్సుతో చేరి ఉండాలి. ఆ జీతం, రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మొత్తం నెలజీతానికి తగ్గకూడదు. మన ప్రైవేటు డిగ్రీ కళాశాలల్లో జీతాలెంతో అందరికీ తెలిసిందే. మూడో షరతును కచ్చితంగా పట్టుకునే విశ్వవిద్యాలయంలో ఆ 4 మార్కులు కూడా పోయి 75 దగ్గర ఆగుతుంది.

అంటే ఒకే మనిషికి 87, 79, 75 అని మూడు అంకెలు. ఆమె అబద్ధం చెప్పింది లేదు, కమిటీ అన్యాయం చేసింది లేదు. తేడాలో ఎక్కువ భాగం సీవీలో అనుభవం గురించి రాసిన ఆ ఒక్క వాక్యం దగ్గరే వచ్చింది. 'బోధన, పరిశోధన: 7 సంవత్సరాలు' అన్న ముద్ద వాక్యాన్ని స్క్రూటినీ చేసేవాళ్లు విడదీయాలి. విడదీసేటప్పుడు మిగతా పేజీల మీద కూడా వాళ్లకు అనుమానం మొదలవుతుంది. దాని బదులు నియామకం ఏ హోదాలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎంపిక ఎలా జరిగింది, వారానికి ఎన్ని గంటల పాఠాలు, ఏ పేపర్లు చెప్పింది అని రాసి, పీహెచ్‌డీలో చేయించిన ప్రాక్టికల్స్‌ను వేరే శీర్షిక కింద పెడితే మార్కులు 79 దాటకపోవచ్చు. కానీ ఇంటర్వ్యూలో ఆ ప్రాక్టికల్స్ గురించి అడిగించుకోవచ్చు. అసలు ఎంపిక జరిగేది అక్కడే.

పట్టికలో ఇంకో చిన్న సంగతి దాగి ఉంది. విశ్వవిద్యాలయ పోస్టులకు ఐదు పేపర్లతోనే 10 మార్కులు నిండిపోతాయి. కళాశాలల పట్టికలో ప్రచురణలకు పరిమితి 6, అంటే మూడు పేపర్లే. ఆరో పేపరు కోసం డబ్బు కట్టి ఏదో పత్రికలో వేయించుకుంటే షార్ట్‌లిస్టులో ఒక్క మార్కూ పెరగదు. ఇంటర్వ్యూలో మాత్రం ఆ పత్రిక పేరే ముందు కనబడుతుంది.

ప్రచురణల జాబితా: చిక్కులన్నీ ఇక్కడే

మొదటి చిక్కు పేరుది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంటుంది. ఎంఎస్సీ మెమోలో అది ఒక పొడి అక్షరం అవుతుంది. మొదటి పేపర్లో గైడ్ గారు పొడి అక్షరాన్ని చివర పెడతారు. విదేశీ పత్రిక సాఫ్ట్‌వేరు మన పేరునే ఇంటిపేరు అనుకుని తిప్పేస్తుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకుంటే ఇంకో రూపం. చివరకు నాలుగు పేపర్లలో నాలుగు పేర్లు, వీళ్లంతా ఒకరేనా అని చదివేవాళ్లు ఆగిపోతారు. దీనికి పరిష్కారం పదహారు అంకెల ఓర్కిడ్ ఐడీ. ఒకసారి తీసుకుని అన్ని పేపర్లనూ దానికి కలిపి, సీవీ మొదట్లో ఆ లింకు ఇస్తే సరి. జాబితాలో మాత్రం పేపర్లో అచ్చయిన రూపాన్నే ఉంచి, తన పేరును బొద్దు అక్షరాల్లో చూపించాలి. రచయితల వరుసను మార్చడం, మధ్యలో పేర్లు తీసేసి తన పేరును ముందుకు జరపడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, డీఓఐ నొక్కగానే బయటపడుతుంది.

రెండోది, పేపరు ఏ దశలో ఉందన్నది. 'పంపాను', 'సమీక్షలో ఉంది', 'సవరించి మళ్లీ పంపాను', 'అంగీకరించారు' అనేవి నాలుగు వేర్వేరు మాటలు. మన దగ్గర వీటన్నిటికీ కలిపి 'కమ్యూనికేటెడ్' అనేస్తాం. అంగీకరించిన పేపరుకు ఎడిటర్ ఉత్తరం జతచేస్తే విలువ ఉంటుంది. సమీక్షలో ఉన్నదాన్ని ప్రచురించిన వాటి మధ్యలో కలపకుండా విడిగా పెట్టాలి. దాన్ని ప్రీప్రింట్‌గా బయట పెట్టి ఉంటే, చదివేవాళ్లు తెరిచి చూడగలరు కాబట్టి పోస్ట్‌డాక్ దరఖాస్తుకు అది బాగా పనికొస్తుంది. 'రాస్తున్నాను' అన్న పేపర్లు నాలుగైదు వరసగా పెడితే మాత్రం అందరికీ అర్థమయ్యేది ఒక్కటే, అవి లేవని.

మూడోది ఇప్పుడు అందరూ అడుగుతున్న కేర్ జాబితా సంగతి. నకిలీ పత్రికలను ఏరివేయడానికి యూజీసీ పెట్టిన జాబితా అది. దాన్ని ఎత్తేసి, పత్రిక మంచిదో కాదో తేల్చుకునే బాధ్యతను, కొన్ని సూచనలతో, విద్యాసంస్థలకే వదిలింది. ఈ నిర్ణయం మీద రెండు వాదనలూ వినిపిస్తున్నాయి. జాబితాలో చేరడానికి ఏళ్లు పట్టేదనీ, తెలుగు వంటి భాషల్లో వచ్చే మంచి పత్రికలకు అన్యాయం జరిగేదనీ, జాబితాలో ఉన్న పత్రికల పేర్లతోనే దొంగ వెబ్‌సైట్లు పుట్టుకొచ్చాయనీ ఒక వాదన. జాబితా పోతే ఒక్కో విశ్వవిద్యాలయానికి ఒక్కో కొలత వస్తుందనీ, అభ్యర్థికి ముందుగా ఏదీ తెలియదనీ ఇంకో వాదన. రెండింటిలోనూ నిజముంది.

అభ్యర్థి చేయగలిగిన పని ఒకటుంది. పేపరు వచ్చిన సంవత్సరంలో ఆ పత్రిక ఏ స్థితిలో ఉందో సీవీలోనే చూపించడం. కేర్ జాబితా అమల్లో ఉన్న రోజుల్లో వచ్చిన పేపరైతే అప్పుడది అందులో ఉన్న సంగతి రాసి, స్క్రీన్ కాపీ ఉంటే జతచేయాలి. స్కోపస్‌లో ఉన్న పత్రికైతే పేరుతో వెతకకుండా ఐఎస్‌ఎస్‌ఎన్‌తో వెతికి, ఏ సంవత్సరం వరకు అందులో ఉందో చూడాలి. మధ్యలో తీసేసిన పత్రికలు చాలా ఉన్నాయి. ఐఎస్‌ఎస్‌ఎన్ ఉన్నంతమాత్రాన పత్రిక మంచిదని కాదు, అది పత్రికను గుర్తించే నంబరు మాత్రమే. పేపరు పంపిన వారంలోపే ఒక్క ప్రశ్న కూడా అడగకుండా అంగీకరించి, రుసుము రసీదు పంపిన పత్రిక సంగతి వేసినవాళ్లకే బాగా తెలుసు.

అదే జాబితా పోస్ట్‌డాక్ ల్యాబ్‌లో

ఇప్పుడు రెండో ఫైలు దగ్గరికి వద్దాం. విదేశీ ల్యాబ్ అధిపతి ముందు మార్కుల పట్టిక లేదు. ఆమె బీఎస్సీ శాతం ఆయనకు పట్టదు. ఆయన ముందున్న ప్రశ్నలు రెండు: ఈ మనిషి వస్తే తొలి నెలల్లోనే ఏ పని మొదలుపెట్టగలదు, ఆ పేపర్లలో ఈమె చేతిపని ఎంత?

మూడో పేరుగా ఉన్న పేపరు షార్ట్‌లిస్టులో 2 మార్కులు తెచ్చింది. ఇక్కడ దాన్ని మామూలుగా రాస్తే ఏమీ తేదు. దాని కింద ఒక వాక్యం చేరిస్తే అర్థం మారిపోతుంది: 'ఈ అధ్యయనంలో నమూనాల నుంచి డీఎన్ఏ వేరుచేయడం, క్వాంటిటేటివ్ పీసీఆర్ మొత్తం నేను చేశాను, గణాంక విశ్లేషణ సహరచయితలది.' చివరి సగం చాలామందికి రాయబుద్ధి కాదు. కానీ చేయనిది ఏదో చెప్పినప్పుడే చేసింది నమ్మకంగా కనబడుతుంది. పాత్రలను ఇలా విడదీసి చెప్పడానికి క్రెడిట్ అనే పద్నాలుగు పాత్రల వర్గీకరణను చాలా పత్రికలు ఇప్పుడు వాడుతున్నాయి. పేపరు చివర అది అచ్చయి ఉంటే సీవీలో దానికి భిన్నంగా రాయకూడదు.

నైపుణ్యాల జాబితా కూడా అంతే. 'పీసీఆర్, ఎలైజా, మైక్రోస్కోపీ, ఎంఎస్ ఆఫీస్' అని వరసగా రాస్తే చూసిందో, చేసిందో, చేయగలదో తెలియదు. 'రొయ్య కాలేయ కణజాలం నుంచి, రెట్టల నుంచి ఈహెచ్‌పీ గుర్తించే నెస్టెడ్ పీసీఆర్‌ను స్వతంత్రంగా నడిపాను, ఇద్దరు ఎంఎస్సీ విద్యార్థులకు నేర్పాను' అంటే తెలుస్తుంది. పక్కనే గుంటల దగ్గర పని కూడా రాయాలి. వేకువన ఆక్సిజన్ తగ్గే వేళ రైతుతో కలిసి చెక్‌ట్రే ఎత్తి నమూనాలు తీయడం, ఏ గుంటలో సీడ్ ఏ హేచరీదో, కౌంట్ ఎంతో రాసుకోవడం మనకు మామూలు విషయం. సముద్రానికి దూరంగా ఉన్న ల్యాబ్‌లో అలాంటి అనుభవం ఉన్నవాళ్లు దొరకరు. మనవాళ్లు సీవీలో రాయకుండా వదిలేసేది సరిగ్గా అదే.

రీసెర్చ్ స్టేట్‌మెంట్: ప్రశ్న ఎక్కడ మొదలవ్వాలి

స్టేట్‌మెంట్లు ఇంగ్లీషులోనే రాస్తారు. విషయం తేలిగ్గా అర్థం కావడానికి ఇక్కడ తెలుగులో చూపిస్తున్నాను. మన అభ్యర్థి మొదటి ప్రతి ఇలా మొదలైంది అనుకుందాం:

'ఆంధ్రప్రదేశ్ రొయ్యల సాగులో అగ్రస్థానంలో ఉంది. వ్యాధుల వల్ల రైతులు తీవ్రంగా నష్టపోతున్నారు. నా పీహెచ్‌డీలో ఈహెచ్‌పీ మీద పరిశోధన చేశాను. భవిష్యత్తులో ఆధునిక మాలిక్యులర్ పద్ధతులతో, నానో టెక్నాలజీతో ఈ వ్యాధికి పరిష్కారం కనుగొనాలని ఆశిస్తున్నాను.'

ఇందులో తప్పు వాక్యం ఒక్కటీ లేదు. కానీ రొయ్యల మీద పనిచేసే ఎవరి పేరు పెట్టినా ఇది సరిపోతుంది. ఆమె ఐదేళ్లలో ఏం తేల్చిందో ఇందులో లేదు. 'పరిష్కారం కనుగొనాలి' అనేది కోరిక, ప్రశ్న కాదు.

ప్రశ్న ఎక్కడుందో తెలియాలంటే ఆమె పని లోపలికి వెళ్లాలి. ఈహెచ్‌పీ ఒక మైక్రోస్పోరిడియన్ పరాన్నజీవి. రొయ్యను వెంటనే చంపదు, హెపటోపాంక్రియాస్‌లో చేరి ఎదుగుదలను ఆపుతుంది. మేత ఖర్చు పెరుగుతూనే ఉంటుంది, కౌంట్ దిగదు, ఒకే గుంటలో చిన్నా పెద్దా సైజులు కలిసిపోతాయి. మధ్యలో ఇంకో జీవి అవసరం లేకుండానే రొయ్య నుంచి రొయ్యకు అంటుకుంటుంది. దాన్ని గుర్తించడానికి పీసీఆర్ వాడతారు. పీసీఆర్ డీఎన్ఏ ఉందో లేదో చెబుతుంది. ఆ పరాన్నజీవి బీజకణం, అంటే స్పోరు, బతికి ఉందా, చచ్చిందా అన్నది చెప్పదు. పంట తీశాక గుంట ఎండగట్టి, సున్నం చల్లి, మట్టిని పరీక్షిస్తే పీసీఆర్ పాజిటివ్ వచ్చిందనుకోండి. రైతు మళ్లీ సీడ్ వేయొచ్చా, వేయకూడదా? ఆ పరీక్ష జవాబు ఇవ్వదు. ప్రశ్న అక్కడుంది. ఇప్పుడు రెండో ప్రతి:

'నా పీహెచ్‌డీలో పెన్నా డెల్టా రొయ్యల గుంటల్లో ఈహెచ్‌పీని రెండు పీసీఆర్ లక్ష్యాలతో పోల్చి చూశాను. రైబోజోమ్ జన్యువు ఆధారంగా పాజిటివ్ వచ్చిన కొన్ని నమూనాల్లో, స్పోరు గోడ ప్రోటీన్ జన్యువు ఆధారంగా నెగెటివ్ వచ్చింది. మొదటి పరీక్ష దగ్గరి బంధువులైన ఇతర మైక్రోస్పోరిడియాను కూడా పట్టుకోగలదు కాబట్టి ఈ తేడాను అలా అర్థం చేసుకున్నాను. అయితే రెండు పరీక్షలూ స్పోరు బతికి ఉందో లేదో చెప్పవు. ఎండగట్టి సున్నం వేసిన గుంట మట్టిలో స్పోర్లు ఎంతకాలం అంటించే శక్తితో ఉంటాయన్నది నా తర్వాతి ప్రశ్న. స్పోరు నుంచి పోలార్ ట్యూబ్ బయటికి రావడాన్ని మైక్రోస్కోపులో లెక్కించడం, వ్యాధిలేని రొయ్యలకు ఆ మట్టి నుంచి తీసిన స్పోర్లను ఇచ్చి చూడడం అనే రెండు పద్ధతులను కలుపుతాను. మొదటిది మట్టి నమూనాల్లో నమ్మదగ్గ ఫలితం ఇవ్వకపోతే, రెండోదాని మీదే ఆధారపడి తక్కువ నమూనాలతో చేస్తాను.'

పొడవు పెరిగిందన్నది నిజమే. కానీ ఇందులో ఆమె తేల్చింది ఉంది, తేల్చనిదీ ఉంది, పద్ధతి ఉంది, ఆ పద్ధతి విఫలమైతే ఏం చేస్తుందో కూడా ఉంది. చివరి వాక్యం బలహీనతలా కనిపిస్తుందని కొందరు తీసేయమంటారు. నా అనుభవంలో స్టేట్‌మెంట్ చదివేవాళ్లు ఎక్కువసేపు ఆగేది ఆ వాక్యం దగ్గరే.

ఇదే ప్రశ్న పోస్ట్‌డాక్‌కు, లెక్చరర్ పోస్టుకు రెండు రకాలుగా ముందుకు సాగాలి. పోస్ట్‌డాక్ సాధారణంగా రెండేళ్లు. వ్యాధిలేని రొయ్యలను పెంచే తొట్లు, వ్యాధిసోకిన జీవులను సురక్షితంగా ఉంచే గది ఆ ల్యాబ్‌లో ఉన్నాయి కాబట్టే అక్కడికి రావాలనుకుంటున్నానని చెప్పాలి. తొలి ఆరు నెలల్లో పద్ధతిని నిలబెట్టడం, తర్వాత కాలంతోపాటు స్పోర్ల శక్తి ఎలా తగ్గుతుందో కొలవడం, అంతే. ల్యాబ్ అధిపతి పేపర్ల గురించి రెండు వాక్యాల పొగడ్త కంటే, ఆయన పద్ధతి తన ప్రశ్నలో ఎక్కడ సరిపోతుందో ఒక్క వాక్యంలో చెప్పడం మేలు. ఆయన చేస్తున్నదే మళ్లీ చేస్తానంటే ఆమె అవసరం లేదు. పూర్తిగా వేరేది చేస్తానంటే ఆయన అవసరం లేదు. ఆ రెండింటికీ మధ్య చోటును చూపించడమే అసలు కష్టం.

లెక్చరర్ పోస్టుకు ఐదేళ్ల ప్రణాళిక కావాలి, అదీ ఆ విభాగంలో సాధ్యమయ్యేది. కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయానికో, ఒంగోలులోని ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయానికో దరఖాస్తు చేస్తూ తొలి ఏడాదే వ్యాధి పరిశోధనకు ప్రత్యేక గది కట్టిస్తానంటే ఎవరూ నమ్మరు. మైక్రోస్కోపు, మామూలు పీసీఆర్ యంత్రంతో తొలి రెండేళ్లు ఏం చేయొచ్చో ముందు చెప్పాలి. రెండు పంటల మధ్య గుంటలు ఎండగట్టే సమయంలో ప్రతి ఎంఎస్సీ బ్యాచ్ మట్టి నమూనాలు సేకరించి, ఏటా అదే గుంటలను చూస్తే, మూడో ఏటికి ఎవరి దగ్గరా లేని సమాచారం చేతికొస్తుంది. దాన్ని ఆధారంగా పెట్టుకుని గ్రాంటుకు వెళ్లొచ్చు. బతికిన రొయ్యలతో చేసే ప్రయోగాలకు ముత్తుకూరు ఫిషరీస్ కళాశాల వంటి చోట సహకారం అడుగుతానంటే, ఆ మాటను ముందే వాళ్లతో మాట్లాడి రాయాలి. ఇంటర్వ్యూలో 'వాళ్లతో మాట్లాడారా?' అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది.

తెలుగు, చరిత్ర, ఆర్థికశాస్త్రం చేసినవాళ్లకు ఇందులో యంత్రాలు ఉండవు గానీ ఎముకలగూడు ఇదే. నెల్లూరు శాసనాల మీద పీహెచ్‌డీ చేసినవాళ్లు 'ఇంకా లోతుగా అధ్యయనం చేస్తాను' అనే బదులు, ఏ శాసనాల పాఠాల్లో భేదాలున్నాయో, వాటి అచ్చులు ఎక్కడ చూడబోతున్నారో చెబితే సరిపోతుంది. వాళ్ల రంగంలో ఒక్కరే రాసిన పేపర్లు ఎక్కువ కాబట్టి ఎవరి పాత్ర ఎంత అన్న గొడవ తక్కువ.

లెక్క మంచిదా, కథనం మంచిదా

మార్కుల పట్టికను తిట్టడం తేలిక. పేపర్ల సంఖ్య లెక్కపెడితే పేపర్ల దుకాణాలు పుడతాయి, అవి పుట్టాయి కూడా. పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టరును బట్టి మనిషిని కొలవొద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తయారైన డోరా ప్రకటన చెప్పింది. బ్రిటన్‌లో రాయల్ సొసైటీ 2019లో, సంఖ్యల బదులు తాను చేసిన పనిని వాక్యాల్లో వివరించే సీవీ నమూనాను ముందుకు తెచ్చింది. ఇప్పుడు అక్కడి పరిశోధన నిధుల సంస్థలు అలాంటివి అడుగుతున్నాయి. మన యూజీసీ 2025 ముసాయిదా కూడా కొత్తరకం బోధన, భారతీయ భాషల్లో బోధన, ల్యాబ్‌ల అభివృద్ధి, సమాజంతో కలిసి చేసిన పని వంటి 'చెప్పుకోదగ్గ కృషి'ని చూడాలంటూ అటువైపే అడుగేసింది.

కానీ పట్టిక పక్షాన మాట్లాడేవాళ్ల మాటా వినాలి. మన దగ్గర నియామకం అనగానే సిఫార్సు గుర్తొస్తుంది. పట్టిక ఉంటే చిన్న విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన అమ్మాయి తన మార్కు తానే లెక్కేసుకోగలదు. అన్యాయం జరిగితే అంకె చూపించి అడగగలదు. కథనం అలా కాదు. మంచి ఇంగ్లీషు వచ్చినవాళ్లకు, పెద్ద సంస్థలో రాయడం నేర్పే గైడ్ దొరికినవాళ్లకు అది కలిసొస్తుంది. 'కృషి చెప్పుకోదగ్గదా కాదా' అన్నది కమిటీ చేతిలోకి వెళితే ఏం జరుగుతుందో అనే భయానికి కారణాలు లేకపోలేదు. నా మట్టుకు నాకు వడపోతకు పట్టిక, ఎంపికకు కథనం అన్న ప్రస్తుత పద్ధతే, లోపాలతో సహా, నయమనిపిస్తుంది. ఇంటర్వ్యూ బోర్డు ఆ కథనాన్ని నిజంగా చదివితేనే ఆ మాట నిలబడుతుంది, అది వేరే సంగతి. ఏదేమైనా దరఖాస్తు పెట్టేటప్పుడు ఈ చర్చ తేలాలని చూడక్కర్లేదు. ఆ నోటిఫికేషన్‌లో ఏ నిబంధనలు, ఏ పట్టిక అని రాశారో ఆ పోస్టుకు అదే వర్తిస్తుంది.

రిఫరీలు

మనకు తెలిసింది కాండక్ట్ సర్టిఫికెట్, అంటే అభ్యర్థి చేతికే ఇచ్చే మంచిమాటల కాగితం. పోస్ట్‌డాక్‌కు అడిగే రెఫరెన్స్ ఉత్తరం అది కాదు. ల్యాబ్ నుంచి నేరుగా గైడ్‌కు మెయిల్ వెళుతుంది, ఆయన రాసింది అభ్యర్థి చూడదు. అందుకే ఇద్దరు ముగ్గురు పేర్లు ఇచ్చేముందు వాళ్లను అడగాలి, సంస్థ ఇచ్చిన మెయిల్ చిరునామాలే రాయాలి. స్టేట్‌మెంట్ ప్రతిని, పేపర్లలో తన పాత్ర రాసిన పేజీని వాళ్లకు కనీసం రెండు వారాల ముందు పంపాలి. మన అభ్యర్థి తన సీవీలో 'క్వాంటిటేటివ్ పీసీఆర్ మొత్తం నేను చేశాను' అని రాసింది. గైడ్ గారు గుర్తున్నంతలో 'మా ల్యాబ్ బృందం కలిసి చేసింది' అని రాస్తే, ల్యాబ్ అధిపతి ఆ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తాడు. ఆ పేజీ ముందే అంది ఉంటే గైడ్ గారు ఒప్పుకునైనా రాస్తారు, కాదని ఆమెతోనైనా అంటారు. కాదంటే సీవీలో ఆ వాక్యాన్ని పంపకముందే సరిచేసుకోవచ్చు.